పప్పు, పల్లీలు, మీల్ మేకరు: ఒక చవక లెక్క

పోయినేడాది మా ఆఫీసు వాళ్ళు చేయించే వార్షిక హెల్త్ చెకప్‌లో నాకు ఫ్యాటీ లివర్ గ్రేడ్ వన్ అని వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళకే. బరువు 84 కిలోలు, నడుము 38 అంగుళాలు. డాక్టరు గారు రిపోర్టు వంక చూస్తూనే "ఏడెనిమిది కిలోలు తగ్గవయ్యా, మందులేం వద్దు" అన్నారు. అన్నం తగ్గించు, ప్రొటీన్ పెంచు, నడువు. రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఇక్కడి వరకూ మన ఫీల్డులో సగం మంది కథే కదా. నా కథలో ఉన్న చిన్న మెలిక ఏంటంటే, ఆ సమయానికే నాన్న మోకాలి ఆపరేషన్ కోసం తీసుకున్న పర్సనల్ లోన్ ఈఎంఐ నడుస్తోంది, ఇంటికి పంపేది పంపాలి, మియాపూర్‌లో ఇద్దరం కలిసి ఉంటున్న ఫ్లాటుకి అద్దె కట్టాలి. సాఫ్ట్‌వేర్ వాడికి డబ్బుకేం లోటు అనుకునే వాళ్ళకి ఓ నమస్కారం. జిమ్‌లో చేరిన మొదటి రోజే ట్రైనర్ "రోజుకి రెండు స్కూపులు వే ప్రొటీన్ వెయ్యి బ్రో" అన్నాడు. డబ్బా ధర చూసి బయటికి వచ్చి టీ తాగాను.

సరే, మనం ఇంజినీర్లం కదా, ఎక్సెల్ షీటు ఉంది కదా అని కూర్చున్నాను. ఒక్కో పదార్థం కిలో ధర, వంద గ్రాములకి ఎన్ని గ్రాముల ప్రొటీన్, రెండూ వేసి భాగిస్తే గ్రాము ప్రొటీన్‌కి ఎన్ని రూపాయలో వచ్చేస్తుంది. బి కాలమ్‌లో కిలో ధర, సి కాలమ్‌లో వంద గ్రాముల్లో ప్రొటీన్ అనుకుంటే ఇంతే:

```
=B2/(C2*10)
```

తక్కువ నించి ఎక్కువకి సార్ట్ చేసా. పైన తేలినవి మీల్ మేకరు, పల్లీలు, కందిపప్పు. మీల్ మేకరంటే హాస్టల్ మెస్ కూర గుర్తొచ్చి దాన్ని వెంటనే దాటేసా. పల్లీలు, పప్పు అంటే మనకి చిన్నప్పటి నించీ ఉన్న తిండే. రోజుకి వంద గ్రాముల వేయించిన పల్లీలు, రెండు పూటలా మామూలు కన్నా ఎక్కువ పప్పు. అమ్మ కూడా ఫోన్‌లో "పప్పులో ప్రొటీన్ ఉంటుందిగా నాన్నా, ఆ డబ్బాలెందుకు" అని సంతోషించింది.

ఆరు వారాల తర్వాత బరువు చూసుకుంటే 85.1.

మా రూమ్మేటు (వీడు నా బీటెక్ క్లాస్‌మేటే) "మామా, నువ్వు డైట్ చేస్తున్నావా, పందెంకోడిని పెంచుతున్నావా" అన్నాడు. నవ్వొచ్చే మాటే గానీ ఆ రోజు నాకు నవ్వు రాలేదు. రోజూ ఆరు కిలోమీటర్లు నడుస్తున్నా, స్వీట్ ముట్టలేదు, బిర్యానీ మానేసా. ఏం తప్పు చేస్తున్నానో అర్థం కాలేదు.

తప్పు షీటులోనే ఉంది. నేను ఒక్క కాలమ్ మీద సార్ట్ చేసాను. బరువు తగ్గాలనుకునే వాడికి బడ్జెట్లు రెండు ఉంటాయి, ఒకటి రూపాయల్లో, ఇంకోటి క్యాలరీల్లో. ఒక గ్రాము ప్రొటీన్ కొనడానికి పర్సులోంచి ఎంత పోయింది అని చూసాను గానీ, ఆ గ్రాముతో పాటు ఎన్ని క్యాలరీలు కడుపులోకి వచ్చాయి అని చూడలేదు. చవక ప్రొటీన్ల జాబితాలు రాసే వాళ్ళు చాలా మంది చేసే తప్పు కూడా ఇదే అని నా అభిప్రాయం. జాబితాలో మొదటి పేరు పల్లీలు ఉందంటే, అది కండలు పెంచుకునే బక్క కుర్రాడికి రాసిన జాబితా, పొట్ట తగ్గించుకోవాల్సిన మనకి కాదు.

రెండో కాలమ్ చేర్చాక ఇలా వచ్చింది. ధరలు మా వీధిలో కొట్లవి, ఈ నెలవి. మీ ఊళ్ళో పది, ఇరవై అటూ ఇటూ ఉంటాయి. ప్రొటీన్ లెక్కలు ప్యాకెట్ మీదవో, ఆహార పట్టికల్లోవో. గుడ్డు, ధాన్యం ఏదైనా కాస్త తేడా ఉంటుంది కాబట్టి దశాంశాల మీద పోట్లాట వద్దు.

| పదార్థం | ధర | గ్రాము ప్రొటీన్‌కి రూపాయలు | గ్రాము ప్రొటీన్‌తో వచ్చే క్యాలరీలు |
|---|---|---|---|
| మీల్ మేకరు | కిలో 150 | 0.29 | 6.6 |
| పల్లీలు | కిలో 150 | 0.60 | 23 |
| కందిపప్పు | కిలో 140 | 0.64 | 15.5 |
| గుడ్డు | ఒకటి 7 | 1.10 | 11.5 |
| చికెన్ బోన్‌లెస్ (బ్రెస్ట్) | కిలో 360 | 1.60 | 5 |
| టోన్డ్ పాలు | లీటరు 58 | 1.87 | 19 |
| తెల్లసొన మాత్రం | గుడ్డు 7 | 1.95 | 4.7 |
| పనీర్ | కిలో 450 | 2.50 | 16 |
| వే ప్రొటీన్ | కిలో 2300 | 3.20 | 5.2 |

చివరి కాలమ్ ఒకసారి మళ్ళీ చూడండి. శుద్ధమైన ప్రొటీన్ అయితే గ్రాముకి 4 క్యాలరీలు. అంటే 4కి ఎంత దగ్గరగా ఉంటే మనం కొంటున్నది అంతగా ప్రొటీన్. దూరంగా ఉందంటే ప్రొటీన్ పేరు చెప్పి వేరే ఏదో కూడా తింటున్నాం. పల్లీల్లో బరువులో ఇంచుమించు సగం నూనే, అందుకే 23. కందిపప్పు వంద గ్రాముల్లో ప్రొటీన్ 22 గ్రాములు, పిండి పదార్థం (పీచుతో కలిపి) దానికి రెండింతల పైనే. బళ్ళో "పప్పు అంటే మాంసకృత్తులు" అని చెప్పారు గానీ, నిజానికి పప్పు అనేది కాస్త ప్రొటీన్ ఎక్కువున్న పిండి పదార్థం. పప్పుని తిట్టడం నా ఉద్దేశ్యం కాదు, పీచు ఉంటుంది, కడుపు నిండుతుంది, నేనిప్పటికీ రోజూ తింటాను. కానీ ప్రొటీన్ కొరత పూడ్చే పని దానికి అప్పజెప్పకూడదు. పైగా మన ఇళ్ళల్లో పప్పు ఒంటరిగా రాదు, వెంట అన్నాన్ని తీసుకొస్తుంది. పప్పు రెట్టింపు చేస్తే అన్నం కూడా తెలియకుండా పెరుగుతుంది, నాకు పెరిగింది.

నేను ఆ ఆరు వారాల్లో చేసిన ఘనకార్యం లెక్కేస్తే: వంద గ్రాముల పల్లీలు, మామూలుకి అదనంగా 80 గ్రాముల పప్పు. ఖర్చు రోజుకి 26 రూపాయలు. వచ్చిన ప్రొటీన్ 43 గ్రాములు. పరవాలేదు అనిపిస్తుంది కదా. కానీ వాటితో వచ్చిన క్యాలరీలు 840. నేను రోజుకి కోసుకోవాలనుకున్నదే ఐదారు వందలు!

పట్టికలో ఇంకో తమాషా ఉంది, రాయలేదు. బియ్యం కూడా ఇందులో పెట్టి చూసాను. కిలో 58 రూపాయల బియ్యంలో వంద గ్రాములకి ఏడున్నర గ్రాముల ప్రొటీన్ వేసుకుంటే గ్రాముకి 77 పైసలు. గుడ్డు కన్నా చవక! ఒక్క కాలమ్ మీదే నమ్మకం పెట్టుకుంటే చివరికి బియ్యం కూడా ప్రొటీన్ ఫుడ్డే అవుతుంది. రెండో కాలమ్‌లో దానికొచ్చే నంబరు 47.

ఇప్పుడు అసలు విషయం. ఎంత వరకూ ఒప్పుకోవచ్చు? పల్లీలు 23 అంటే ఎక్కువని తెలుస్తోంది, గుడ్డు 11.5 సరే అనాలా వద్దా? దీనికి అందరికీ ఒకటే జవాబు లేదు, ఎవరి గీత వాళ్ళే గీసుకోవాలి. నా గీత ఎలా వచ్చిందో చెప్తాను, మీ నంబర్లు మీరు పెట్టుకోండి.

మామూలు మనిషికి ఐసీఎంఆర్ వాళ్ళు 2020లో చెప్పిన లెక్క కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్. అది లోపం రాకుండా ఉండటానికి. తిండి తగ్గించి, వ్యాయామం చేస్తూ బరువు తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువ కావాలి, 1.2 నించి 1.6 వరకూ సాధారణంగా చెప్తారు. నేను చేరాలనుకున్న బరువు 72 కిలోలు. దాన్ని 1.4తో గుణిస్తే 100. ట్రైనర్ చెప్పిన 170 కాదు. ఆ ఒక్క తేడాతోనే సగం ఖర్చు తగ్గిపోయింది. ఉన్న బరువుని కాకుండా చేరాలనుకున్న బరువుని ఎందుకు తీసుకున్నానంటే, నా ఒంట్లో అదనంగా ఉన్న కొవ్వుకి ప్రొటీన్ పెట్టాల్సిన పని లేదు.

రోజుకి క్యాలరీలు 1750 అనుకున్నాను. ఇందులో ముందు నేను ఎలాగూ తినేవి తీసేసాను. మధ్యాహ్నం వంద గ్రాముల బియ్యం (వండకముందు తూకం), రాత్రి మూడు పుల్కాలు, 40 గ్రాముల పప్పు, కూరలు, ఒక పెద్ద గిన్నెడు పెరుగు, రోజు మొత్తానికి ఐదు టీ స్పూన్ల నూనె. ఇదంతా కలిపితే 1240 క్యాలరీలు, 36 గ్రాముల ప్రొటీన్. అంటే ఇంకా కావల్సింది 64 గ్రాముల ప్రొటీన్, మిగిలిన క్యాలరీలు 510. భాగిస్తే 8.

అదే నా గీత. కొత్తగా తెచ్చుకునే ప్రొటీన్ సగటున గ్రాముకి 8 క్యాలరీల లోపు ఉండాలి. ఇప్పుడు పట్టిక మళ్ళీ చూస్తే సగం పేర్లు వాటంతటవే కొట్టేసుకుంటాయి. పల్లీలు, పప్పు, పాలు, పనీర్ గీత పైన ఉన్నాయి. మీల్ మేకరు, బోన్‌లెస్ చికెన్, తెల్లసొన, వే ప్రొటీన్ గీత కింద. గుడ్డు గీతకి కొంచెం పైన ఉంది కానీ తెల్లసొనతో కలిపితే సగటు దిగుతుంది. గీత కింద ఉన్న వాటిలో మాత్రమే రూపాయల కాలమ్ మీద సార్ట్ చెయ్యాలి. నేను మొదట చేసింది తిరగేసి చేసానన్న మాట.

ఆ 64 గ్రాములూ ఒక్కో దాంతోనే తెచ్చుకుంటే ఎలా ఉంటుందో చూసా. అంతా పల్లీలతో అయితే 38 రూపాయలు, 1450 క్యాలరీలు. అంతా పప్పుతో అయితే 41 రూపాయలు, 990 క్యాలరీలు, తినాల్సింది దాదాపు 300 గ్రాముల పప్పు (ప్రయత్నించకండి, పక్కన పడుకునే వాడి గురించి కూడా ఆలోచించాలి). అంతా వే ప్రొటీన్‌తో అయితే 335 క్యాలరీలే గానీ 205 రూపాయలు, నెలకి ఆరు వేల పైన.

నేను స్థిరపడింది ఇలా. మీల్ మేకరు 50 గ్రాములు: 26 గ్రాముల ప్రొటీన్, 172 క్యాలరీలు, ఏడున్నర రూపాయలు. గుడ్లు నాలుగు, అందులో రెండింటికి పచ్చసొన తీసేసి: 20 గ్రాములు, 178 క్యాలరీలు, 28 రూపాయలు. చికెన్ బ్రెస్ట్ వంద గ్రాములు: 22 గ్రాములు, 115 క్యాలరీలు, 36 రూపాయలు. మొత్తం 68 గ్రాములు, 465 క్యాలరీలు, 71 రూపాయల చిల్లర. శనివారం, మంగళవారం నాన్‌వెజ్ తినం కాబట్టి చికెన్ బదులు మీల్ మేకరు కాస్త పెంచి, ఒక గ్లాసు డబుల్ టోన్డ్ పాలు తాగుతాను. గుడ్డు ఆ రెండు రోజులూ తినొచ్చని నాకు నేనే తీర్పు ఇచ్చేసుకున్నాను, అమ్మకి చెప్పలేదు. :)

ఆ తీసేసిన పచ్చసొన పారేయడం నాకు ఇప్పటికీ బాధే. అది మా రూమ్మేటు ఆమ్లెట్‌లోకి పోతుంది. వాడు బక్కగా ఉంటాడు, వాడి గీత వేరు. వాడే మొదట్లో సినిమాలో చూసి పచ్చి గుడ్లు గ్లాసులో కొట్టి తాగేవాడు. పచ్చిగా తాగితే అందులో ప్రొటీన్ చాలా భాగం ఒంటికి పట్టదు, ఉడికిస్తే ఎక్కువ పడుతుంది. ఏడు రూపాయల గుడ్డుని సగం వృథా చేసి తాగడం అన్నమాట.

మీల్ మేకరు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే రెండు కాలమ్‌లలోనూ మంచి నంబరు తెచ్చుకున్నది అదొక్కటే, నేను మొదట దాటేసిందీ దాన్నే. ఇది ఇంత చవకగా ఎందుకు ఉందో తెలిసాక నాకు దాని మీద గౌరవం పెరిగింది. సోయా చిక్కుడు గింజల నించి నూనె తీసేసాక మిగిలే పిండిని మిషన్‌లో ఒత్తి, ఉబ్బించి చేసేదే మీల్ మేకరు. నూనె కంపెనీకి అసలు సరుకు నూనె, ఇది మిగులు. అందుకే ధర తక్కువ. నూనె పోయింది కాబట్టి క్యాలరీలూ తక్కువ. ఒకే కారణం రెండు కాలమ్‌లనీ దించింది. పైగా పప్పు, పల్లీల ప్రొటీన్ కన్నా సోయా ప్రొటీన్ నాణ్యత మెరుగు, మనకి కావల్సిన ఎమైనో ఆమ్లాలు ఇంచుమించు అన్నీ సరిపడా ఉంటాయి. పప్పుకి ఉన్న లోటు అన్నంతో కలిపి తింటే పూడుతుంది, కానీ ఆ అన్నమేగా మనం తగ్గించాల్సింది.

హాస్టల్ మెస్‌లో అది ఎందుకు అంత దరిద్రంగా ఉండేదంటే, వాళ్ళు సరిగ్గా పిండరు. పద్ధతి ఇది. నీళ్ళు మరిగించి ఉప్పు వేసి, మీల్ మేకరు ఆరేడు నిమిషాలు ఉడకనివ్వండి. వార్చేసి చల్లటి నీళ్ళు పోసి, గుప్పెట్లో పెట్టి గట్టిగా పిండండి. మొదటి సారి నీళ్ళు పసుపు పచ్చగా నురగతో వస్తాయి, ఆ వాసనంతా అందులోనే ఉంది. మళ్ళీ నీళ్ళు పోసి పిండండి, మూడో సారికి నీళ్ళు తేటగా వస్తే అయిపోయినట్టు. పిండకుండా కూరలో వేస్తే వాసనతో పాటు స్పాంజిలాగా నూనె కూడా పీలుస్తుంది. నేను పిండిన వాటిని మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, గరం మసాలాతో ఖీమా లాగా చేస్తా. పుల్కాలోకి బాగుంటుంది. మొదటి వారం 25 గ్రాములతోనే మొదలు పెట్టండి. నేను ఒకేసారి 80 గ్రాములు తిని మర్నాడు స్టాండప్ మీటింగ్‌లో పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు.

తూకం దగ్గర జాగ్రత్త. యాభై గ్రాముల పొడి మీల్ మేకరు నానబెట్టి పిండితే నా తక్కెడ మీద 150 గ్రాములు చూపించింది. ప్రొటీన్ అదే 26. క్యాలరీలు లెక్కేసే యాప్‌లో నానిన 150 గ్రాములని పొడి పేరు మీద ఎక్కిస్తే 78 గ్రాముల ప్రొటీన్ తిన్నానని అది మెచ్చుకుంటుంది. నాకు మొదటి వారం అదే జరిగింది, వంద దాటేసానని గుడ్లు మానేసా కూడా. పప్పుకీ, మొలకలకీ ఇదే వర్తిస్తుంది. మొలకెత్తితే ప్రొటీన్ పెరుగుతుందని చాలా మంది నమ్మకం. పెరిగేది నీళ్ళ బరువు. ఏదైనా వండకముందు, పొడిగా ఉన్నప్పుడే తూచుకుంటే ఈ గొడవ ఉండదు. తక్కెడ నాలుగైదు వందల్లో దొరుకుతుంది, ఈ మొత్తం వ్యవహారంలో అది ఒక్కటే నేను తప్పనిసరిగా కొనమని చెప్పే వస్తువు.

సోయా తింటే మగవాళ్ళకి హార్మోన్లు దెబ్బతింటాయని మీకూ వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. మా టీమ్ లంచ్‌లో నా డబ్బా తెరిచినప్పుడల్లా ఒకరు ఆ జోకు వేస్తారు. దీని మీద చేసిన ప్రయోగాలన్నీ కలిపి చూసిన మెటా అనాలిసిస్ 2021లో వచ్చింది, మగవాళ్ళలో టెస్టోస్టిరాన్ మీద గానీ ఈస్ట్రోజన్ మీద గానీ ప్రభావం కనబడలేదని తేల్చింది. నిజంగా పట్టించుకోవాల్సింది వేరే ఉంది. థైరాయిడ్ మాత్ర వేసుకునే వాళ్ళకి సోయా ఆ మందు ఒంటికి పట్టకుండా అడ్డుపడొచ్చు, కాబట్టి మాత్రకీ దీనికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి, డాక్టరుకి కూడా చెప్పాలి. కిడ్నీ సమస్య ఉన్న వాళ్ళు అసలు ప్రొటీన్ పెంచే ముందే డాక్టరుని అడగాలి. వాళ్ళకి నా లెక్కలేవీ వర్తించవు.

ఇక చికెన్. కర్రీ కట్ కిలో 240, బోన్‌లెస్ 360. మొదట్లో నేను కూడా కర్రీ కట్టే చవక అనుకున్నాను. ఒక ఆదివారం పని లేక, కిలో స్కిన్‌లెస్ తెచ్చి ఎముకలన్నీ విడదీసి తూచాను. మాంసం 690 గ్రాములు వచ్చింది. ఆ లెక్కన గ్రాము ప్రొటీన్‌కి రూపాయీ డెబ్బై పైసలు పైన పడింది, బోన్‌లెస్‌కి రూపాయీ అరవై. అంటే ఎముకకి కూడా మాంసం రేటు కట్టి, బోన్‌లెస్ ఖరీదని బాధపడుతున్నాం. రుచి కోసం అయితే కర్రీ కట్టే, అందులో వాదన లేదు. శ్రావణం, కార్తీకం నెలల్లో చికెన్ దిగుతుంది, అప్పుడు బోన్‌లెస్ కిలో తెచ్చి వంద గ్రాముల చొప్పున కవర్లలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో పడేస్తాను. చలికాలంలో గుడ్డు పెరుగుతుంది, అప్పుడు తెల్లసొనలు తగ్గించి మీల్ మేకరు వైపు జరుగుతా. షీటులో ధరల కాలమ్ రెండు నెలలకోసారి మారుస్తే చాలు.

పట్టికలో లేనిది, పట్టికని పాడు చేసేది ఒకటుంది: నూనె. వంద గ్రాముల బ్రెస్ట్‌ని రెండు టేబుల్ స్పూన్ల నూనెలో వేపితే 115 క్యాలరీల చికెన్ 355 అవుతుంది. గ్రాము ప్రొటీన్‌కి 5 ఉన్నది 16కి పోతుంది, అంటే పనీర్‌తో సమానం. చికెన్ తిన్నాం అనుకుంటాం, క్యాలరీల లెక్కలో పనీర్ తిన్నట్టే. అందుకే నా లెక్కలో నూనె ముందే తీసి పక్కన పెట్టాను. పొద్దున్నే ఐదు టీ స్పూన్లు చిన్న గిన్నెలో పోసుకుంటా, రోజంతా పోపుకీ కూరకీ అదే. మొదటి రోజు మధ్యాహ్నం కూరకే గిన్నె ఖాళీ అయింది. అప్పుడు తెలిసింది అంతకు ముందు ఎంత పోస్తున్నానో.

పనీర్ని ఎందుకు ఇంత మంది డైట్ ఫుడ్ అంటారో నాకు అంతుపట్టలేదు. రూపాయల్లో గుడ్డుకి రెండింతల పైన, క్యాలరీల్లో పప్పుతో సమానం. గుడ్డు కూడా తినని శాకాహారులకి ఇష్టం కొద్దీ వారానికోసారి సరే. వాళ్ళకి నేను చెప్పగలిగింది మీల్ మేకరు ముందు, ఆ తర్వాత డబుల్ టోన్డ్ పాలతో తోడుపెట్టిన పెరుగు, అప్పటికీ గీత దాటుతుంటే వే ప్రొటీన్ ఒక్క స్కూపు. అవును, మొదట్లో తిట్టిన ఆ డబ్బానే. ఒక స్కూపు 24 గ్రాములు, 77 రూపాయలు. గీత కింద వేరే ఏదీ లేని వాళ్ళకి అది దుబారా కాదు. చికెన్, గుడ్డు తినగలిగిన వాడికి రెండు స్కూపులు రాయడమే దుబారా.

ఇలా పద్నాలుగు వారాలు చేసాక 85 నించి 78.6కి వచ్చాను, నడుము 35. రోజూ బరువు చూసుకుని వారానికి సగటు రాసుకున్నాను, ఎందుకంటే ముందు రోజు ఉప్పు ఎక్కువ తిన్నా కిలో పైకి చూపిస్తుంది. ఐదో వారం, ఆరో వారం సగటు కదల్లేదు. తీగ లాగితే వారాంతంలో ఊరికెళ్ళినప్పుడు అమ్మ పెట్టిన పల్లీ పచ్చడి, పక్కనే ఇడ్లీలు దొరికాయి. మూడు రోజులు, రోజుకి పావు కిలో పచ్చడి తక్కువ కాకుండా లాగించా. ప్రొటీన్ ఖర్చు నెలకి 2100 రూపాయల దగ్గర ఆగింది.

నిన్న అమ్మ ఫోన్‌లో "ఏం తింటున్నావు నాన్నా" అంటే మీల్ మేకరు అన్నాను. "అదేంట్రా, అది కూరే కాదు" అంది. దసరాకి వెళ్ళినప్పుడు ఖీమా చేసి పెట్టాలి.